పేర్లు తీసేస్తే మిగిలేది

"ఒక్క పేరు కలిసిందేమో చూపియ్యండి మేడం. ఒక్కటంటే ఒక్కటి చూపిచ్చినా నేను ఇప్పుడే ఇంటికి పోతా," అన్నాడు మస్తాన్.

కౌసల్యకు తల గోడకేసి కొట్టాలనిపించింది. తన తల కాదు, మస్తాన్‌ది. ఇంకొకరి ప్రోగ్రాం చూసి రాసిన కుర్రాళ్ళు దొరికినప్పుడు నేల చూపులు చూడటమో, కళ్ళనీళ్ళు పెట్టుకోవటమో ఆమెకు తెలుసు. ఇలా రొమ్ము విరుచుకుని సవాలు చేసేవాణ్ణి చూడటం ఇదే మొదలు.

మదనపల్లెలో డిగ్రీ చదివినవాళ్ళకు ఏడాది కంప్యూటర్ డిప్లొమా చెప్పే ప్రైవేటు కాలేజీ అది. ఎనభై ఎనిమిదో సంవత్సరం. ఊళ్ళో ఏసీ ఉన్న గదులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అందులో ఒకటి ఈ కంప్యూటర్ రూము. చెప్పులు బయటే విడవాలి. లోపల నాలుగు మిషన్లు, వాటికి పూలగుడ్డ ముసుగులు, ఆయుధపూజకు పెట్టిన కుంకుమబొట్లు ఇంకా చెరగకుండా తెరల పైన. విద్యార్థులు పాతికమంది. వాళ్ళందరికీ పాస్కల్ అనే కంప్యూటర్ భాష చెప్పే లెక్చరరు కౌసల్య ఒక్కతే.

ఈసారి ఇంటర్నల్ మార్కులకు ఆమె ఇచ్చిన లెక్క కష్టమైనదేమీ కాదు. కొంతమంది పేర్లూ మార్కులూ చదవాలి, ఎక్కువ నుంచి తక్కువకు పేర్చాలి, ఎవరికి ఏ క్లాసో తేల్చాలి, పట్టిక అచ్చు వెయ్యాలి. మస్తాన్ ఇచ్చిన ప్రోగ్రాం, అదే క్లాసులోని అమానుల్లా ఇచ్చిన ప్రోగ్రాం పక్కపక్కన పెట్టి చూస్తే పైకి అన్నా తమ్ముళ్ళు కూడా కాదు. అమానుల్లా మార్క్స్ అన్నచోట మస్తాన్ తన మేనమామ పేరు పెట్టాడు. అమానుల్లా చదవటం ముందు రాసి, పేర్చటం తర్వాత రాస్తే, మస్తాన్ అచ్చు వేసే ముక్క ముందు పెట్టి, చదివే ముక్క ఆఖరున పెట్టాడు. ఏ ముక్క ఎక్కడ రాసినా వాటిని పిలిచే వరస మారదు కాబట్టి ప్రోగ్రాం నడుస్తుంది. మధ్యమధ్యలో మిషన్ పట్టించుకోని వ్యాఖ్యలుగా 'దేవుడి దయ' అని కూడా రాశాడు.

"ఇంత పని చేసేదానికి బదులు సొంతంగా రాసుంటే సగం టైములో అయ్యుండేది కదప్పా," అంది కౌసల్య.

"నేను సొంతంగానే రాసినా మేడం. పేర్లన్నీ మార్చి..." అని నాలుక కరుచుకున్నాడు మస్తాన్.

అంత తేటగా ఒప్పుకున్నాక ఇంక వాదనేముంటుంది? ఉంటుంది. మస్తాన్ నేరుగా కరస్పాండెంట్ దగ్గరికి పోయి, మేడం నన్ను ఊరికే దొంగ అంటాండాది అని ఫిర్యాదు చేశాడు.

కాలేజీ కరస్పాండెంట్ గోపాలస్వామికి వేరుశనగ నూనె మిల్లు ఉంది. మిల్లులో ఏ బోల్టు వదులయ్యిందో చప్పుడు విని చెప్పగలడు. కంప్యూటర్ మాత్రం ఆయనకు దేవుడి గదిలో విగ్రహం లాంటిది. కొన్నాడు, బొట్టు పెట్టాడు, దూరంగా ఉన్నాడు. రెండు కాగితాలూ పట్టుకుని ఆయన కంప్యూటర్ రూముకు వచ్చాడు. చెప్పులు విడిచి, చలికి భుజం మీది కండువా చెవులదాకా కప్పుకుని నిలబడ్డాడు.

"ఏమమ్మా, ఈ రెండూ ఒకటేనంటివంట. నేనూ సూస్తాండా గదా. ఒక ముక్క కలిస్తే ఒట్టు. రేపు వాళ్ళ నాయన వచ్చి అడిగితే ఏమని చెప్పేది?"

"పేర్లు చూస్తే కలవవు సార్. అందుకే నా ప్రోగ్రాం పేర్లు చూడదు."

నెల రోజులుగా కౌసల్య తన తీరిక సమయమంతా పెట్టి రాసుకున్న ప్రోగ్రాం అది. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం పెంచలేదు. పాతికమంది రాసింది కళ్ళతో పోల్చి పోల్చి విసిగిపోయి రాసుకుంది. ఇప్పుడు దాన్ని ఒక నూనె మిల్లు యజమానికి వివరించాల్సి వచ్చింది.

"ముందు విద్యార్థి రాసిన వ్యాఖ్యలు, ఖాళీలు, వరుసల విరుపులు అన్నీ తీసిపారేస్తుంది సార్. తర్వాత వాడు పెట్టిన ప్రతి పేరునూ, అది మేనమామ పేరైనా మార్కుల పేరైనా, తీసేసి ఆ చోట ఒకే గుర్తు పెడుతుంది. అంకె ఉంటే ఇంకో గుర్తు. 'అయితే', 'అయ్యేదాకా', 'మొదలు', 'చివర' అనే అర్థమొచ్చే పాస్కల్ మాటలు, కూడికలు, పోలికలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుంది. అవి మారిస్తే ప్రోగ్రామే పని చెయ్యదు కదా. అప్పుడు మిగిలేది వాడు పని నడిపించిన వరస."

"సరే, పేర్లు పోయినాయి. వీడు కిందిది పైనా, పైది కిందా పెట్టినాడే?"

"మొత్తాన్ని ఒక్కసారిగా మొదటి నుంచి చివరిదాకా పోలిస్తే మీరన్నట్టే తప్పించుకుంటాడు. నేను అట్లా పోల్చను. ఆ గుర్తుల్ని పన్నెండేసి చొప్పున చిన్న తుంటలుగా తీసుకుంటా. ఒక్కొక్క గుర్తు జరుపుకుంటూ పోతా. ఆ తుంట ఇంకోడి ప్రోగ్రాంలో యాడుంది అని వెతుకుతా. మొదట్లో ఉండనీ, చివర్లో ఉండనీ, దొరికితే దొరికినట్టే లెక్క. ఎన్ని తుంటలు దొరికాయో దాన్ని బట్టి నూటికి ఇంత అని ప్రోగ్రాం చెబుతుంది."

గోపాలస్వామి నమ్మలేదు. ఆయన మిల్లులో ఎవరు ఏం చెప్పినా తన చేత్తో తిప్పి చూసేదాకా నమ్మడు. అదే గుణం ఇక్కడా బయటపడింది.

"నేను చెప్పిన పేర్లు పెట్టు," అని కుర్చీ లాక్కున్నాడు.

ఆయన ఇంట్లో నాలుగు పుంగనూరు ఆవులున్నాయి. నడుమెత్తుకు మించని ఆవులు, ఆయనకు వాటి మీద ప్రాణం. వాటి పేర్లు వరసగా చెప్పాడు. కౌసల్య పళ్ళు బిగబట్టి మస్తాన్ ప్రోగ్రాంలోని పేర్లన్నీ ఆవుల పేర్లుగా మార్చి మళ్ళీ నడిపింది. మస్తాన్ పెట్టిన పేర్లతో నడిపినప్పుడు అమానుల్లాదానితో పోలిక నూటికి తొంభై మూడు వచ్చింది. ఇప్పుడూ తొంభై మూడే వచ్చింది.

"అరే," అన్నాడు గోపాలస్వామి. "ఇప్పుడు పైదీ కిందిదీ నేను చెప్పినట్టు మార్చు."

ఆయన వేలు పెట్టి చూపించిన చోటల్లా కౌసల్య ముక్కలు మార్చింది. ఈసారి ఎనభై తొమ్మిది.

"తగ్గిందే!"

"ముక్కకూ ముక్కకూ అతుకు పడే చోట కొన్ని తుంటలు తెగుతాయి సార్. లోపలివి అట్లనే ఉంటాయి. అందుకే అంత కొంచెం తగ్గింది. అంతకంటే తగ్గదు."

"మామూలుగా, సూడకుండా రాసినోళ్ళకు ఎంత వస్తాది?"

"ఒకే లెక్క కాబట్టి కొంత కలుస్తుంది. ముప్ఫై, నలభై. అరవై దాటితే మాత్రం అనుమానించాల్సిందే."

అప్పుడు జరిగింది కౌసల్య అనుకోనిది. గోపాలస్వామి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన తల్లిదండ్రులతో, పెద్దమనుషులతో, ఎవరో ఎమ్మెల్యే చెప్పి పంపిన మనుషులతో వాదించి వాదించి అలిసిపోయి ఉన్నాడు. మిషన్ చెప్పిందంటే మనిషితో గొడవ ఉండదు. ఆ సాయంత్రానికే నోటీసు బోర్డు మీద కాగితం పడింది. పోలిక అరవై దాటిన వాళ్ళకు ఇంటర్నల్ సున్నా. సున్నా వస్తే హాల్ టికెట్ లేదు.

"ఇద్దరిలో ఎవరు ఇచ్చినారు, ఎవరు తీసుకున్నారు అనేది?" అని ఆయన అడిగినప్పుడు, "అది నా ప్రోగ్రాం చెప్పలేదు సార్. పోలిక ఉందని మాత్రమే చెబుతుంది. ఇద్దరికీ వెయ్యాల్సిందే," అన్నది కౌసల్యే. గెలిచిన ఊపులో అన్నది. కాగితం మీద కింద సంతకం కూడా పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం పాతికమంది ప్రోగ్రాములూ ఒకదానితో ఒకటి పోల్చమని మిషన్‌కు ఇచ్చి కూర్చుంది. ఆ మిషన్ పరుగు నడక కంటే నెమ్మది. ప్రింటరు గీరుకుంటూ గీరుకుంటూ ఒక్కొక్క జంటనూ వదిలింది. మస్తాన్, అమానుల్లా పైన నిలిచారు. అది తెలిసిందే. ఆ కిందనే ఉన్న రెండో జంటను చూసి కౌసల్య కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

జైనాబ్, చిన్నస్వామి. డెబ్భై ఎనిమిది.

జైనాబ్ పుంగనూరు పిల్ల. వాళ్ళ నాయన అబ్దుల్ సత్తార్‌కు అక్కడ చింతపండు మండీ. కూతుర్ని రోజూ బస్సులో మదనపల్లెకు పంపటానికి ఆయన ఒప్పుకున్నది ఒక్క ఏడాదికి. ఏడాది అంటే ఏడాదే, ఇంకో ఏడాది కట్టటం అనే మాట ఆ ఇంట్లో లేదని జైనాబ్ చేరినరోజే చెప్పింది. క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడేది, అందరికంటే ముందు లెక్క తేల్చేది ఆ పిల్లే. చిన్నస్వామి కుప్పం దగ్గరి రామకుప్పం నుంచి వచ్చి ఇక్కడ గది తీసుకున్నాడు. వాళ్ళింట్లో అందరూ కూలికి పోయినవాళ్ళు, డిగ్రీ దాకా వచ్చింది వీడొక్కడే. ఈ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోగా కౌసల్య ఎప్పుడూ చూడలేదు.

కోపం వచ్చింది. మస్తాన్ మీద వచ్చింది ఒక రకం కోపం, ఇది ఇంకో రకం. నమ్మినవాళ్ళు మోసం చేశారన్న ఉక్రోషం. ఆ సాయంత్రమే జాబితా గోపాలస్వామికి ఇచ్చింది. మర్నాడు క్లాసు అయిపోగానే జైనాబ్‌ను ఆపింది.

"చిన్నస్వామికి నువ్విచ్చినావా, వాడు నీకిచ్చినాడా?"

జైనాబ్ అర్థంకానట్టు చూసింది. "ఏంది మేడం?"

"ప్రోగ్రాం. డెబ్భై ఎనిమిది వచ్చింది మీ ఇద్దరికీ. దాచిపెట్టద్దు, నాకు ఓపిక లేదు."

"ఆ అబ్బాయితో నేను ఒక్క మాట కూడా మాట్లాడింది లేదు మేడం. మా నాయనకు తెలిస్తే బస్సు ఎక్కనిస్తాడా?"

"అయితే మిషన్ అబద్ధం చెబుతాండాదా?"

జైనాబ్ చేతిలోని టిఫిన్ క్యారియరు పిడిని బిగించి పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, ఏడుపు రాకుండా జాగ్రత్తపడుతూ అంది.

"నేను ముందు రాసింది వేరే మేడం. మీరే కొట్టేసినారు. ఒక్కొక్క మార్కూ చదివినప్పుడే దాని చోటు చూసి ఆడ పెట్టేటట్టు రాసినా. మండీలో మూటలు వచ్చేకొద్దీ రకం చూసి ఆ వరసలో పెడతారు, అట్లా. మీరు ఎర్ర పెన్నుతో అడ్డంగా గీసి, ఇట్లా ఎవరూ రాయరు, అన్నీ చదివినాకే పక్కపక్కవి మార్చుకుంటా పోవాల, నేను చెప్తా రాసుకో అన్నారు. రాసుకున్నా. నేను సొంతంగా రాస్తే తప్పన్నారు. మీరు చెప్పినట్టు రాస్తే దొంగతనమంటాండారు. నేను యాడికి పోయేది మేడం?"

కౌసల్యకు అప్పుడు గుర్తుకొచ్చింది.

ఈ లెక్క ఇచ్చిన వారం సోమవారం క్లాసులో పేర్చటం ఎలాగో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది. ప్రోగ్రాం మాత్రం ఎవరికి వాళ్ళనే రాసుకోమంది. ఆ రోజు ఇద్దరు రాలేదు. పుంగనూరు బస్సులు నిలిచిపోయి జైనాబ్ రాలేదు. రామకుప్పంలో రాగిచేలో ఏనుగులు పడ్డాయని చిన్నస్వామి ఊళ్ళోనే కాపలా ఉండిపోయాడు. బుధవారం ఆ ఇద్దరినీ వేర్వేరుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పింది. టైము లేదు, విసుగ్గా ఉంది. బొమ్మ గీసి విడమరచే ఓపిక లేక, తన దగ్గరున్న ప్రోగ్రాంలోంచి పేర్చేదీ, అచ్చు వేసేదీ రెండు పెద్ద ముక్కలు అక్షరం పొల్లుపోకుండా చెప్పి రాయించింది. వాళ్ళు శ్రద్ధగా రాసుకున్నారు. పేర్లు మాత్రం సొంతవి పెట్టుకోమని ఆమే చెప్పింది. అలా చెప్పినప్పుడు తనకది సొంతంగా రాయటం లాగే అనిపించింది.

చిన్నస్వామిని అడిగితే వాడు ఇంకా అన్యాయం. "మీరు చెప్పింది అచ్చంగా బట్టీ పట్టినా మేడం. ఒక గుర్తు కూడా పోలేదు. కావాలంటే అప్పజెప్తా," అని గర్వంగా మొదలుపెట్టాడు. చాల్లే అని చెయ్యి అడ్డం పెట్టింది కౌసల్య.

లోపం ఎక్కడుందో ఇప్పుడు తేటతెల్లం. తన ప్రోగ్రాం తప్పు చెప్పలేదు. ఆ ఇద్దరి ప్రోగ్రాముల్లో నిజంగానే ఒకే ముక్కలున్నాయి. ఆ ముక్కలు మూడోచోట, తన దగ్గర ఉన్నాయని మిషన్‌కు తెలియదు. తెలియజేసేపని తాను చెయ్యలేదు. పాఠం చెప్పినవాళ్ళు ఇచ్చిన ముక్కల్ని ముందు పక్కకు తీసి, మిగిలినదాన్నే పోల్చాలని ఈ ప్రోగ్రాం రాసినప్పుడు తన బుర్రకు ఎందుకు తట్టలేదు? సులభమైన పని. తన ప్రోగ్రాంలో ఉన్న తుంటలన్నిటినీ ఇద్దరిలోంచీ కొట్టేసి, మిగిలినవాటికే లెక్క కట్టించాలి.

అలా మార్చి నడిపింది. జైనాబ్‌కు, చిన్నస్వామికి మిగిలింది ఇరవై రెండు. మస్తాన్‌కు, అమానుల్లాకు మాత్రం తొంభై ఒకటి. వాళ్ళకు తాను చెప్పిందేమీ లేదు కాబట్టి తీసేసిందీ పెద్దగా లేదు.

ఆ కాగితం పట్టుకుని గోపాలస్వామి గదికి దాదాపు పరుగెత్తింది. నాలుగు పేర్లూ అప్పటికే నోటీసు బోర్డుకెక్కాయి. ఆయన వినలేదు.

"నోటీసు బోర్డు మీద పెట్టినాక మార్చేదేముందమ్మా? నిన్న డెబ్భై ఎనిమిది అంటివి, ఈ పొద్దు ఇరవై రెండు అంటాండావు. నువ్వే మిషన్‌కు ఏదో చెప్పి నీకు కావాల్సినోళ్ళను తప్పిస్తాండావని మస్తాన్ వాళ్ళ నాయన అనడా?"

"మస్తాన్ వాళ్ళకు అప్పుడూ తొంభై పైనే సార్, ఇప్పుడూ తొంభై పైనే. వీళ్ళకు నేను చెప్పిన ముక్కలు ఉండాయి. అవి నావి. వాళ్ళు ఒకరి దగ్గర ఒకరు తీసుకోలేదు. ఇద్దరూ నా దగ్గర తీసుకున్నారు. నేనే ఇచ్చినా."

"ఎవరు ఎవరికిచ్చినారో మిషన్ చెప్పలేదు, ఇద్దరికీ సున్నా అనింది నువ్వు కాదా? నీ సంతకమే గదా ఆడుండేది?"

ఆమె సంతకమే. నల్ల సిరాతో, చక్కగా, తేదీతో సహా. నమ్మమని ఎంత బతిమాలినా నమ్మని మనిషి ఇప్పుడు ఇంతగా నమ్మేశాడు. దానికి కారణం కూడా తనే. తిట్టుకోవటానికి మరొకరు దొరక్క కౌసల్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బయటికి వచ్చి వరండాలో అటూ ఇటూ తిరిగింది. వరండా చివర సిమెంటు బెంచీ మీద జైనాబ్ కూర్చుని ఉంది. పుంగనూరు బస్సు పోయింది. తర్వాతి బస్సు దాకా ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు, ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

కౌసల్య వెనక్కి తిరిగి మళ్ళీ ఆ గదిలోకే పోయింది.

"సార్, ఒక్కసారి కంప్యూటర్ రూముకు రండి. మొన్న మీ ఆవుల పేర్లు పెట్టి చూసిన ఆ పాత ప్రోగ్రామే నడుపుదాం. నేను ఒక్క అక్షరం మార్చను. మీరే మీట నొక్కండి."

ఆయన గొణుక్కుంటూ వచ్చాడు. చెప్పులు విడిచాడు, కండువా కప్పుకున్నాడు. కౌసల్య తన ఫ్లాపీ తీసి డ్రైవులో పెట్టింది. పాఠం కోసం తాను రాసుకున్న ప్రోగ్రాంను పాతికమంది మధ్యలో ఇరవై ఆరోదిగా చేర్చింది. పేరు అడిగిన చోట తన పేరే కొట్టింది. గోపాలస్వామి బొటనవేలితో మీట నొక్కాడు. తన పేరుకు వచ్చే జంటల్ని మాత్రమే పోల్చమంది కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. ప్రింటరు గీసిన వరుసల్లో అరవై దాటినవి రెండు.

కౌసల్య, చిన్నస్వామి, ఎనభై. కౌసల్య, జైనాబ్, డెబ్భై ఆరు.

గోపాలస్వామి కాగితం దగ్గరగా పెట్టుకుని చదివాడు. మళ్ళీ దూరంగా పెట్టుకుని చదివాడు.

"ఇదేందమ్మా?"

"నేను ఈ ఇద్దరి దగ్గర చూసి రాసినట్టు లెక్క. అరవై దాటింది. నోటీసు ప్రకారం నాకూ సున్నా వెయ్యండి సార్."

"నువ్వు టీచరువు. నువ్వు చెప్తేనే గదా వాళ్ళు రాసింది?"

"ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. మిషన్‌కు తెలీదు సార్. దానికి మనం చెప్పాల. చెప్పకుండా మొన్న దాని చేతిలో ఆ పిల్లల్ని పెట్టింది నేను."

ఆయన ఆ తెర మీది కుంకుమబొట్టు వంక చూశాడు. ఒప్పుకోవటం ఆయనకు అలవాటు లేదు. ఒప్పుకోకుండా ఉండటానికి దారీ దొరకలేదు. ఆఖరికి ఆయన నూనె మిల్లు తెలివి పనికొచ్చింది.

"సరే. మిషన్ మాటా వద్దు, నీ మాటా వద్దు. రేపు పొద్దున్నే ఆ ఇద్దర్నీ నా ముందర కూర్చోబెట్టు. నువ్వు చెప్పినేవి కాకుండా, వాళ్ళ బుర్రలో నుంచి పేర్చేది రాయమను. రాస్తే సున్నా కొట్టేస్తా. రాయలేదంటే నన్ను అడగద్దు. మస్తాన్ వాళ్ళది మాత్రం మారదు."

పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. చిన్నస్వామి కూర్చోగానే కౌసల్య చెప్పిన ముక్కే గడగడా కొట్టటం మొదలుపెట్టాడు. ఆమె వెనక నుంచి గట్టిగా దగ్గింది. వాడు తలెత్తి, "మీరు చెప్పిందే కరెక్టు కదా మేడం, ఇంకోటి యాల?" అని నిజంగానే అడిగాడు. "పెద్దదాన్ని వెతికి పైకి పంపు. మిగిలినవాటిలో మళ్ళీ పెద్దది. నువ్వే ఆలోచించు," అంది. అలా చెప్పటం కూడా తప్పే అయ్యుండొచ్చు, గోపాలస్వామి కోరచూపు చూశాడు. ఆ తర్వాత ఆమె నోరు మూసుకుంది. చిన్నస్వామి గోళ్ళు కొరుక్కుంటూ, కొట్టింది చెరిపేస్తూ, చెమటలు కక్కుతూ ఆ ఏసీ గదిలోనే మధ్యాహ్నందాకా కూర్చుని, రెండు తప్పులతో ఒక దారికి తెచ్చాడు. మార్కులు తగ్గుతాయి, సున్నా మాత్రం పోయింది.

జైనాబ్ అంతసేపు తీసుకోలేదు. కొట్టేటప్పుడు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. చదివిన మార్కును చేతిలో పట్టుకుని, దానికంటే చిన్నవాటినన్నిటినీ ఒక్కొక్క అడుగు కిందికి జరిపి, ఖాళీ అయిన చోట దాన్ని పెట్టే ఆ పద్ధతిని కౌసల్య వెనక నిలబడి వరుస వెంట వరుస చూసింది. ఎక్కడా తడబాటు లేదు. ఆఖరి వరుస అయ్యాక నడిపిస్తే పేర్లు ఎక్కువ నుంచి తక్కువకు సరిగ్గా వచ్చి నిలబడ్డాయి. మిగతా వాళ్ళందరితో పోల్చితే ఎవరితోనూ నలభై దాటలేదు. ఇరవై ఆరోదైన కౌసల్యతో కూడా.

గోపాలస్వామి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ నోటీసు బోర్డు మీద ఆ రెండు పేర్లకూ గీత పెట్టాడు.

జైనాబ్ కుర్చీలోంచి లేవలేదు. తెర మీద తన ప్రోగ్రాం ఇంకా అలాగే ఉంది. అటే చూస్తూ, చాలా మెల్లగా అడిగింది.

"మేడం, ఇది రైటేనా?"

కౌసల్య చేతిలో ఎర్ర పెన్ను ఉంది. మార్కులు వెయ్యటానికి తెచ్చుకున్నది. దానికి మూత పెట్టింది.

"రైటేనమ్మా," అంది. "నేను కొట్టేసిన రోజు కూడా రైటే."